ఉద్యోగంలో రాత – 5వ పాఠం: ప్రమోషన్ కబురు రాయడం

కిందటి పాఠంలో కొత్త ఉద్యోగంలో చేరినప్పుడు రాసే పరిచయం చూశాం. ఈసారి ప్రమోషన్ పోస్టు. లింక్డిన్‌లో ఇది దాదాపు ఒకే అచ్చులో వస్తుంటుంది. పదోన్నతి వచ్చిందని తెలపడానికి సంతోషిస్తున్నాను, యాజమాన్యానికి, నా టీమ్‌కి ధన్యవాదాలు, అంతే. చదివినవాళ్ళు శుభాకాంక్షలు చెప్పి పోతారు. మనిషి హోదా మారిందని తెలుస్తుంది గానీ, రేపటి నుంచి ఏ పనికి ఆ మనిషి దగ్గరికి వెళ్ళాలో తెలీదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. సుజాత నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో రాత్రి షిఫ్టు రిసీవింగ్ సూపర్‌వైజర్. ఇప్పుడు రెండు షిఫ్టులకీ రిసీవింగ్ ఇన్‌చార్జి అయింది. ఆమె పోస్టు చదివేవాళ్ళలో తోటి ఉద్యోగులతో పాటు ఏజెంట్లు, లారీల వాళ్ళు, కొందరు రైతులు కూడా ఉంటారు. వాళ్ళకి కావలసింది ఒక్కటే: గుంట దగ్గర 40 కౌంటు తేలిన సరుకు ప్లాంటుకొచ్చాక 43 అంటే ఎవరితో మాట్లాడాలి? కౌంటంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య. అది పెరిగేకొద్దీ రేటు పడిపోతుంది కాబట్టి గేటు దగ్గర గొడవలన్నీ దాని చుట్టూనే. పోస్టు ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలి.

అందుకే కృతజ్ఞతలు పక్కన పెట్టి ముందు బాధ్యతల భాగం రాయండి. ప్రమోషన్ ఉత్తర్వు ఎదురుగా పెట్టుకోండి. హోదా, అమల్లోకి వచ్చే తేదీ, ఎవరి కింద పనిచేయాలో అందులో ఉంటాయి. ఉత్తర్వు చేతికి రాకుండా నోటిమాట మీద పోస్టు పెట్టొద్దు. తేదీ మారినా, హోదా పేరు మారినా దిద్దుకోవడం ఇబ్బంది.

ఈ భాగానికి నాలుగు వాక్యాలు చాలు. నా కిందికి వచ్చిందేమిటి, నన్ను ఎప్పుడు అడగాలి, నా పరిధిలో లేనిదేమిటి, నా పాత పని ఇప్పుడు ఎవరిది. మొదటిసారి రాసినప్పుడు ‘రిసీవింగ్ కార్యకలాపాలను పర్యవేక్షిస్తాను’ లాంటి వాక్యం వస్తుంది. దాన్ని కొట్టేసి చేతులతో చేసే పనులు రాయండి: తూకం, కౌంటు, ఉష్ణోగ్రత, నాణ్యత.

మూడో వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు, చిక్కంతా అక్కడే వస్తుంది. ‘రైతుల సమస్యలన్నీ ఇకపై నేనే చూస్తాను’ అని ఉత్సాహంగా రాస్తే, రేటు తగ్గిందని వచ్చిన రైతు ఫోన్‌లో ఆ పోస్టే చూపించి నిలదీస్తాడు. రేటు పర్చేజ్ విభాగం చేతిలో ఉంటుంది, సుజాత మార్చలేదు. ఉత్తర్వులో లేని అధికారం పోస్టులో కనపడకూడదు.

ఇక కృతజ్ఞత. ‘నా టీమ్ లేకపోతే ఇది సాధ్యం కాదు’ అనే వాక్యం ఏ ఆఫీసు గోడకైనా అతుక్కుంటుంది. మనిషి పేరు, చేసిన పని, దానివల్ల మారినది, ఈ మూడూ ఒకే చోట ఉండాలి. రాసిన వాక్యంలో ఒకరి పేరు తీసి ఇంకొకరిది పెట్టి చూడండి. తేడా తెలియకపోతే ఆ వాక్యం పనికిరాదు. ఆలోచన ఎవరిదో, ఆ పని రోజూ చేసిందెవరో విడివిడిగా చెప్పండి. లింక్డిన్‌లో లేని హెల్పర్లని మరిచిపోవడం మామూలే, నిజానికి ముందు రాయాల్సింది వాళ్ళ పేర్లే. పేరు వాడే ముందు వాళ్ళనొక మాట అడగండి. మీరు చేసినది కూడా ఒక వాక్యంలో చెప్పండి. అంతా టీమే చేసిందంటే ప్రమోషన్ ఈమెకెందుకు ఇచ్చారని చదివేవాళ్ళకి అనుమానం వస్తుంది.

ఫలితం చెప్పేటప్పుడు ఏ అంకె ఎంచుకోవాలో జాగ్రత్త. యాంటీబయాటిక్ పరీక్షల్లో రిజెక్షన్లు తగ్గించాం అని రాస్తే, ఇదివరకు రిజెక్షన్లు ఉండేవని కొనుగోలుదారుకి మనమే చెప్పినట్టు. టన్నుల లెక్కలు, కొనుగోలుదారుల పేర్లు కూడా బయటికి రాకూడదు. గేటు రిజిస్టర్లో లారీ లోపలికి వచ్చిన టైము, బయటికి వెళ్ళిన టైము రాసి ఉంటాయి కదా, లారీ ఎంతసేపు ఆగుతోందో అక్కడ తేలుతుంది. ఆ అంకె లారీవాళ్ళకి పనికొస్తుంది, అడిగితే చూపించవచ్చు. అయినా పెట్టేముందు మేనేజర్ గారి అనుమతి తీసుకోవాలి.

ఇవన్నీ కలిపితే సుజాత పోస్టు ఇలా వస్తుంది:

“జూన్ 1 నుంచి మా ప్లాంటులో రెండు షిఫ్టుల రిసీవింగ్‌కీ ఇన్‌చార్జిగా పనిచేస్తున్నాను. ఇప్పటిదాకా రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్‌ని.

లారీ వచ్చినప్పటి నుంచి తూకం, కౌంటు, ఉష్ణోగ్రత, నాణ్యత చూసి సరుకు లోపలికి పంపేదాకా నా బాధ్యత. కౌంటులో తేడా అనిపిస్తే లారీ తిరిగి వెళ్ళకముందే నన్ను అడగండి, మీ ముందే మళ్ళీ లెక్కపెట్టిస్తాను. రేటు, చెల్లింపులు పర్చేజ్ విభాగం చూస్తుంది. రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్‌గా ఇకపై అనిత ఉంటుంది.

మా దగ్గర లారీ ఆగే సమయం ఈ ఏడాది 3 గంటల నుంచి గంటన్నరకి తగ్గింది. రెండో కాటా దగ్గర రాత్రంతా నిలబడి తూకం వేసింది లక్ష్మమ్మ, ఆమె జట్టు. సరుకు దించకముందే శాంపిల్ తీద్దామన్నది అనిత. పై ట్రేతో సరిపెట్టకుండా అడుగు ట్రే నుంచి కూడా తీయాలని పట్టుబట్టింది రమణయ్య అన్న, దాంతో మళ్ళీ లెక్కపెట్టాల్సిన అవసరం తగ్గింది. రెండో కాటా కావాలని అడిగి తెప్పించడం, షిఫ్టు మనుషుల్ని సర్దడం నా వంతు. అడిగిన వెంటనే కాటా ఇప్పించిన ప్లాంటు మేనేజర్ గారికి ధన్యవాదాలు.”

మేనేజర్ గారి ప్రస్తావన చివర రావడం అమర్యాద కాదు, ఆయన ఏం చేశారో చెప్పాం కాబట్టి నిలబడుతుంది. వరుస కూడా గమనించండి. ఫోన్‌లో పోస్టు మొదటి కొన్ని వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే తేదీ, కొత్త హోదా మొదటి వాక్యంలో పెట్టాం.

పెట్టేటప్పుడు ఒక చిన్న సంగతి. ప్రొఫైల్‌లో కొత్త హోదా చేర్చేటప్పుడు `Notify network` అనే మీట కనిపిస్తుంది. అది వేసి ఉంటే లింక్డిన్ తనంతట తానే కబురు పంపేస్తుంది, మీరు రాసిన పోస్టు కంటే ముందు ఆ ముక్తసరి మాటే జనానికి చేరవచ్చు. దాన్ని ఆపి హోదా చేర్చండి, తర్వాత పోస్టు పెట్టండి. ఏజెంట్ల వాట్సాప్ గ్రూపుకైతే మొదటి రెండు పేరాలు చాలు.

అభ్యాసం: మీ ఉత్తర్వు, లేదంటే మీ ఇప్పటి పని తీసుకుని బాధ్యతల పేరా ఒక్కటే నాలుగు వాక్యాల్లో రాయండి. మీ విభాగానికి సంబంధం లేని మనిషికి చదివి వినిపించి, ‘ఏ పనికి నా దగ్గరికి రావాలి, ఏ పనికి రాకూడదు?’ అని అడగండి. రెండో ప్రశ్నకి జవాబు రాకపోతే మూడో వాక్యం తిరగరాయండి. వచ్చే పాఠంలో ఈ పోస్టు కింద వచ్చే ప్రశ్నలకి, ముఖ్యంగా రేటు గురించి అడిగేవాళ్ళకి, జవాబు రాయడం చూద్దాం.