మామిడి పిందెకు జరీ అంచు కుట్టే ముందు జాగ్రత్తలు

గుడ్డ ఫ్రేమ్‌లో బాగా బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే, తీశాక అంచు ముడతలు పడుతుంది.

జరీని గుడ్డకు పట్టి కుట్టే సన్నదారానికి ముందే తేనెమైనం రాయండి. లేకపోతే జరీకి ఒరుసుకుని ఆ దారం పోగులు లేస్తుంది.

జరీని రెండు పోగులు పక్కపక్కన పరచండి. మొదట్లో, చివర్లో 4 సెంటీమీటర్లు వదలండి. కుట్లు జరీకి అడ్డంగా, సుమారు 3 మిల్లీమీటర్లకొకటి పడాలి. ఏటవాలుగా పడితే పోగులు మెలిపడి, మధ్యలో గుడ్డ కనిపిస్తుంది.

అసలు తేడా తెలిసేది పిందె కొన దగ్గరే. అక్కడ రెండు పోగుల్నీ కలిపి తిప్పితే కొన మొద్దుబారుతుంది. ముందు బయటి పోగును మూలలో ఒక్క కుట్టుతో పట్టి మలచండి, తర్వాత లోపలిది.

కొసలు వెనక్కి దించడానికి పెద్ద కన్నున్న లావు సూది కావాలి. గీత చివరనే, ఒక్కో పోగును విడిగా, పక్కపక్క రంధ్రాల్లోంచి నెమ్మదిగా దించండి. గుంజితే పైరేకు విడిపోయి లోపలి నూలు బయటపడుతుంది. అలా అయిన పోగు మళ్లీ కుదురుకోదు.

వెనక కొసను అప్పటికే కుట్టిన గీత కిందికి మడిచి, సెంటీమీటరు మేర చుట్టుకుట్టు వేశాకే కత్తిరించండి. పిందె బయటికి మడిస్తే పల్చటి గుడ్డలో నీడలా కనిపిస్తుంది.