ఖాళీ ప్లాటు నర్సరీకి ఇస్తున్నారా?

ఆదిభట్ల వైపు 300 గజాల ప్లాటు ఖాళీగా ఉంటే నర్సరీకి ఇవ్వడం మంచిదే. పిచ్చిమొక్కలు పెరగవు, మనిషి అలికిడి ఉంటుంది. కానీ లీజు కాకుండా 11 నెలల లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్ రాయించుకోండి. స్థలం వాడుకునే అనుమతి మాత్రమేనని, స్వాధీనం మీదేనని అందులో ఉండాలి. బోరు, కరెంటు మీటరు మీ పేరు మీదే ఉంచండి. మొక్కలన్నీ కవర్లలో, కుండీల్లోనే ఉండాలని, పక్కా షెడ్డు వేయకూడదని రాయించండి. అప్పుడప్పుడూ వెళ్లి ఒకట్రెండు కవర్లు ఎత్తి చూడండి. వేర్లు కవరు చీల్చుకుని నేలలోకి దిగాయంటే వాటిని చాన్నాళ్లుగా కదపలేదన్నమాట. రేపు ఖాళీ చేయమంటే ‘మొక్కలు చచ్చిపోతాయండీ’ అని గడువు అడిగేది అక్కడే. హద్దురాళ్లు కనిపించేలా ఫొటోలూ తీసుకోండి.