నీళ్లు కొలవకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టొద్దు

ఎనిమిది, తొమ్మిదేళ్ల కుక్కకి నడుం పక్కల రెండువైపులా ఒకేలా వెంట్రుకలు రాలి, ఒళ్లొచ్చి, మందకొడిగా ఉంటే రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ చూస్తారు. తక్కువ వస్తే థైరాయిడ్ మాత్ర రాసేస్తారు. పొరపాటు అక్కడే. ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ ఎక్కువయ్యే కుషింగ్స్ జబ్బులోనూ, దురదకి వాడిన స్టెరాయిడ్ వల్ల కూడా టీ4 పడిపోతుంది.

తేడా నీళ్ల గిన్నె దగ్గర తెలుస్తుంది. పొద్దున కొలిచి పోసి, మర్నాడు అదే వేళకి మిగిలింది కొలిచి, పోసినదాంట్లోంచి తీసేసి లెక్కేయండి. రోజుకి కిలో బరువుకి 100 మి.లీ. దాటితే ఎక్కువే, 30 కిలోల లాబ్రడార్‌కి 3 లీటర్లన్నమాట. నెల్లూరు రోహిణి ఎండలకి ఏ కుక్కయినా ఎక్కువే తాగుతుంది, అందుకని నీడపట్టున ఉంచి మూడు రోజులు చూడండి. కుషింగ్స్‌లో దాహం పెరుగుతుంది, థైరాయిడ్ తగ్గినంత మాత్రాన పెరగదు. దాహం, ఆకలి, పొట్ట మూడూ పెరిగితే ముందు షుగర్, కిడ్నీ చూపించి, తర్వాత కుషింగ్స్ తేల్చే 8 గంటల డెక్సామెథాసోన్ పరీక్ష గురించి అడగండి. దాహం మామూలుగానే ఉంటే థైరాయిడ్ సంగతి తేల్చడానికి ఫ్రీ టీ4, టీఎస్‌హెచ్ పరీక్షలు కలిపి చేయించండి.

కుషింగ్స్ తేలితే సాధారణంగా ఇచ్చేది కార్టిసాల్ తగ్గించే ట్రైలోస్టేన్, జీవితాంతం, తిండితోపాటే. మందు మీదున్న కుక్క తినడం మానేసి, వాంతులు చేసుకుని నీరసపడితే ఆ పూట మందు ఆపి వెంటనే డాక్టర్‌కి చూపించండి. కార్టిసాల్ మరీ పడిపోతే ప్రాణం మీదికొస్తుంది.