కరెంటు బిల్లు స్క్రీన్‌షాట్‌లోని శ్లాబుల లెక్కను సరిచూసుకోవడం ఎలా?

కడపలోని ఒక ఇంటి బిల్లు స్క్రీన్‌షాట్‌లో గత రీడింగ్ 4862, ప్రస్తుత రీడింగ్ 5030 అని ఉన్నాయనుకుందాం. ముందుగా ఈ రెండింటి తేడాను చూడాలి. 168 యూనిట్లు వస్తుంది, బిల్లులోనూ అంతే ఉండాలి. స్క్రీన్‌షాట్‌ను కుదించి పంపినప్పుడు 3 కాస్తా 8లా కనిపించడం మామూలే కాబట్టి, ఈ తీసివేత కుదరనంత వరకు శ్లాబుల జోలికి పోకూడదు.

ఇక రేట్లు. 2022 ఏప్రిల్ నుంచి అమలైన ఆంధ్రప్రదేశ్ గృహ వినియోగ టారిఫ్‌నే ఇక్కడ వాడుతున్నాను. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా టారిఫ్ ఉత్తర్వు ఇస్తుంది కనుక, మీ బిల్లు ఏ సంవత్సరానిదో ఆ ఉత్తర్వులోని రేట్లనే తీసుకోండి. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3.00, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6.00 చొప్పున పడుతుంది.

మొత్తం 168 యూనిట్లనూ రూ.6తో గుణించి రూ.1,008 అనుకోవడం పొరపాటు. ఏ శ్లాబులో పడిన యూనిట్లకు ఆ శ్లాబు రేటే వర్తిస్తుంది.

```
30 × 1.90 =  57.00
45 × 3.00 = 135.00
50 × 4.50 = 225.00
43 × 6.00 = 258.00
మొత్తం    = 675.00
```

చాలామంది తడబడేది రెండో వరుసలోనే. 75లోంచి 31 తీసేస్తే 44 వస్తుంది గానీ, 31వ యూనిట్ కూడా ఆ శ్లాబులోనిదే కాబట్టి 45 తీసుకోవాలి. అలాగే మూడో వరుసలో 49 కాదు, 50. ఈ రెండు చోట్లా ఒక్కో యూనిట్ తగ్గిస్తే, అవి రెండూ రూ.6 శ్లాబులోకి జారి మొత్తం రూ.679.50 అవుతుంది. అందువల్ల మీ లెక్క బిల్లు కన్నా సరిగ్గా రూ.4.50 ఎక్కువ వస్తే, తప్పు బిల్లులో కాక మీ లెక్కలోనే ఉందని భావించవచ్చు.

ఈ రూ.675ను బిల్లు చివరి మొత్తంతో కాక, ఎనర్జీ ఛార్జీల వరుసతో మాత్రమే పోల్చాలి. కిలోవాట్ల లోడును బట్టి పడే ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం (ఇక్కడ రూ.10.08) వేరుగా ఉంటాయి. ఇంధన సర్దుబాటు ఛార్జీలను వెనుకటి నెలల వినియోగం మీద వేస్తారు కనుక, వాటిని ఈ నెల 168 యూనిట్లతో గుణించి చూస్తే లెక్క కుదరదు.

ఎనర్జీ ఛార్జీ వరుసే కుదరకపోతే, మీటరు మీద ఇప్పుడున్న అంకెను చూడండి. అది బిల్లులోని ప్రస్తుత రీడింగ్ కన్నా తక్కువగా ఉంటే రీడింగ్ తప్పుగా నమోదైందన్నమాట. మీటరు అంకె స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి, సర్వీస్ నంబరుతో సహా 1912కు ఫిర్యాదు చేయవచ్చు.