డబ్బు కట్టాం, సరుకు రాలేదు: యూపీఐలో కడితే ఒక దారి, కార్డుతో కడితే ఒక దారి

సరుకు రాలేదని కంప్లైంట్ రాయించుకోవడానికి తిరుపతిలో నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు చూపించేది అమ్మినవాడితో నడిచిన వాట్సాప్ చాట్. నేను ముందు అడిగేది పేమెంట్ వివరాల పేజీ. డబ్బు ఎవరి పేరు మీదకు వెళ్లింది, ఏ దారిలో వెళ్లింది అన్నది అక్కడే ఉంటుంది. అది చూడకుండానే బ్యాంకుకు నాలుగుసార్లు ఫోన్ చేసి, నాలుగు రకాలుగా చెప్పి, కేసును పాడుచేసుకుని వస్తారు. దయచేసి ఆ పేజీ ముందు తెరవండి.

ఖాతాలో డబ్బు కట్ అయింది, ఆర్డరే నమోదు కాలేదు

ఇది సరుకు గొడవ కాదు, పేమెంట్ మధ్యలో ఆగిపోవడం. దుకాణానికి కట్టిన యూపీఐ ఇలా ఆగిపోతే, లావాదేవీ జరిగిన రోజు కాకుండా 5 రోజుల్లోపు డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లోనే చెప్పింది. ఆగండి, రాకపోతే యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి.

బ్యాంకు ‘ఇది మీరే చేసిన లావాదేవీ’ అని ఫిర్యాదు మూసేసింది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఫిర్యాదు పెట్టేటప్పుడు ‘నేను చేయని లావాదేవీ’ అన్నదాన్ని నొక్కి ఉంటారు. మూడు రోజుల్లో చెబితే డబ్బంతా వాపసు వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. ఆ రక్షణ మీకు తెలియకుండా డబ్బు పోయినప్పుడు మాత్రమే. పిన్ కొట్టింది, ఓటీపీ ఇచ్చింది మీరే అయితే అది వర్తించదు. పైగా రికార్డు చూడగానే మీరు చెప్పింది తప్పని తేలిపోతుంది, తర్వాత అసలు విషయం చెప్పినా నమ్మకం ఉండదు. ‘సరుకు/సేవ అందలేదు’ అన్న రకం ఎంచుకుని కొత్తగా పెట్టండి.

యూపీఐలో కట్టాను, ‘సరుకు అందలేదు’ అన్న ఆప్షనే కనబడటం లేదు

ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే, కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను.

పలమనేరు వైపు పాడి ఆవులున్న ఒక రైతు గడ్డి కత్తిరించే చాఫ్ కట్టర్‌ను వెబ్‌సైట్‌లో చూశాడు. ధర 28,500 రూపాయలు. సైట్‌లో కార్డుతో కట్టే వీలు సరిగ్గానే ఉంది. వివరాలు నింపుతుండగానే అమ్మేవాడి నుంచి ఫోన్. ‘కార్డుతో కడితే మాకు రెండు శాతం పోతుంది సార్, ఈ క్యూఆర్‌కి పంపండి, వెయ్యి తగ్గిస్తాం’ అన్నాడు. క్యూఆర్ కింద షాపు పేరు పెద్దగా అచ్చువేసి ఉంది. రైతు 27,500 పంపాడు. వారంలో వస్తుందన్న మెషీన్ నెలైనా రాలేదు.

‘షాపు పేరే ఉంది కదన్నా’ అన్నాడు నాతో. స్టిక్కర్ మీద ఎవరైనా ఏ పేరైనా అచ్చు వేయించుకోవచ్చు. పిన్ కొట్టే ముందు యాప్ చూపించే పేరు మాత్రం బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు. పేమెంట్ పేజీ తెరిస్తే అక్కడ షాపు లేదు, ఒక మనిషి పేరుంది.

యూపీఐలో రెండు రకాలున్నాయి: వ్యాపారి ఖాతాకు కట్టడం, మనిషి ఖాతాకు పంపడం. మొదటిదానికి సరుకు అందలేదన్న వివాదం వేసే దారి ఉంది. రెండోది బంధువుకు డబ్బు పంపినట్టే లెక్క. అందులో ‘సరుకు’ అన్న మాటకే చోటు లేదు కాబట్టి ఆప్షన్ కూడా కనబడదు. బ్యాంకు మహా అయితే అవతలి బ్యాంకు ద్వారా ఖాతాదారుణ్ణి అడుగుతుంది. అతను ఒప్పుకోకపోతే అక్కడితో ఆగుతుంది.

ఏది ఏదో తెలుసుకోవడానికి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. కొన్ని బ్యాంకులు ఆ వరసలోనే P2M అనో P2A అనో రాస్తాయి. P2M అంటే వ్యాపారికి, P2A అంటే ఖాతాకు. అలా రాయకపోతే యూటీఆర్ అనే 12 అంకెల లావాదేవీ నంబరు ఇచ్చి, ఇది వ్యాపారి లావాదేవీనా అని బ్యాంకులో రాతపూర్వకంగా అడగండి. డబ్బు కట్టక ముందైతే క్యూఆర్‌ను మామూలు స్కానర్‌తో చదివి చూడొచ్చు. ఇలాంటి వరస వస్తుంది:

```
upi://pay?pa=...&pn=...&mc=0000
```

`mc` అన్నది వ్యాపార రకం అంకె. 0000 ఉన్నా, అసలు లేకపోయినా ఆగి ఆలోచించండి. వేరే అంకె ఉన్నంత మాత్రాన నమ్మకం కుదరదు, ఆ వరసను ఎవరైనా రాసుకోవచ్చు.

రైతుది మనిషి ఖాతాకు వెళ్లిన డబ్బు. అందుకే బ్యాంకు వివాదం మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పి, అమ్మినవాడు ఫోన్ ఎత్తకుండా దాటేస్తున్నాడు కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, cybercrime.gov.inలో నమోదు చేయించాను. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉంటేనే దాన్ని ఆపగలరు, నెల గడిచాక ఆ అవకాశం బాగా తగ్గుతుంది. మోసం అని అనుమానం వచ్చిన గంటలోనే చేయాల్సిన ఫోన్ అది.

అదే కార్డుతో కట్టి ఉంటే

తేడా ఎక్కడుందంటే, కార్డులో అమ్మేవాడికి డబ్బు అందించే బ్యాంకు వివాదాల నియమాలకు కట్టుబడి ఉంటుంది. మీ బ్యాంకు వివాదం వేస్తే, సరుకు అందించినట్టు రుజువు చూపించాల్సింది అమ్మేవాడు. చూపించకపోతే డబ్బు అతని వైపు నుంచి వెనక్కి లాగుతారు. ఇందుకు ఆర్డర్ కాపీ, ఫలానా తేదీకి ఇస్తామన్న మాట, ‘సరుకు రాలేదు, డబ్బు వాపసు ఇవ్వండి’ అని మీరు పంపిన మెయిల్, దానికి వచ్చిన జవాబు లేదా జవాబు లేకపోవడం చాలు. ఫోన్‌లో అడిగినది లెక్కలోకి రాదు.

గడువు జాగ్రత్త. వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులకు సాధారణంగా సరుకు రావాల్సిన తేదీ నుంచి 120 రోజులు. ‘స్టాక్ వస్తోంది, ఇంకో పది రోజులు’ అని అమ్మేవాళ్లు దాన్ని కరగదీస్తారు. ఒక్కసారి ఒప్పుకోండి, రెండోసారి వాయిదా అడిగితే వివాదం వేయండి.

క్రెడిట్ కార్డు మెరుగు, ఎందుకంటే తేలేవరకు పోయింది బ్యాంకు అప్పు, మీ జీతం కాదు. డెబిట్ కార్డుకూ ఇదే దారి ఉంది కానీ డబ్బు అప్పటికే ఖాతా దాటి ఉంటుంది. ఇక వ్యాపారి ఖాతాకు వెళ్లిన యూపీఐ ఆ తర్వాత. మనిషి ఖాతాకు వెళ్లినది చివర. క్రెడిట్ కార్డు వివాదం నడుస్తున్నా, బ్యాంకు రాతపూర్వకంగా ఆపమని చెప్పేదాకా బిల్లు కట్టడం మానొద్దు. మానితే వడ్డీ పడుతుంది.

రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకున్నవాళ్లకు ఇంకో లాభం ఉంది. దాంతో మనిషి ఖాతాకు పంపడం కుదరదు. షాపు అని చెప్పుకునేవాడి క్యూఆర్‌కు అది వెళ్లలేదంటే, ఎందుకు వెళ్లలేదో తేలేదాకా మామూలు ఖాతా నుంచి కూడా కట్టకండి.

పార్సిల్ వేరే ఊరికి పోవడం, ఒకే ఆర్డరుకు రెండుసార్లు డబ్బు కట్ కావడం అరుదు. అమ్మినవాడికి మెయిల్ పెడితే తేలిపోతాయి.

బ్యాంకు 30 రోజులైనా జవాబివ్వలేదు

cms.rbi.org.inలో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టండి. ఆయన చూసేది బ్యాంకు చేసిన తప్పు, అమ్మినవాడి తప్పు కాదు. అమ్మినవాడి మీదైతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు కోయంబత్తూరులో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, మీరుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఆ పేమెంట్ పేజీ ప్రింటు, స్టేట్‌మెంట్, మెయిళ్లు తేదీల వరసలో పెట్టి తీసుకెళ్లండి.