గుట్ట మీదే మ్యాప్‌కి చిల్లు పడుతోందా? డ్రోన్ సర్వే ప్లాన్‌లో సమస్య - పరిష్కారం

సమస్య: చదును నేల బాగానే వస్తుంది, గుట్ట మాత్రం రాదు

హైదరాబాద్ చుట్టుపక్కల ఏ వెంచర్ సర్వేకి వెళ్లినా సైటులో ఒక మూల బండల గుట్ట ఉండటం మామూలే. ఫోటోలన్నీ ప్రాసెస్ చేసి, వాటిని కలిపి కట్టిన మ్యాప్ అయిన ఆర్థో తెరిస్తే రోడ్లు, హద్దు రాళ్లు, ప్లాట్ల గీతలు స్పష్టంగా ఉంటాయి. గుట్ట నెత్తి మీద మాత్రం తెల్లటి చిల్లు ఉంటుంది, లేదా బండలు సాగదీసినట్టు, కరిగి కారినట్టు కనిపిస్తాయి. విడి ఫోటోలు చూస్తే గుట్ట మీద తీసినవే అన్నిటికన్నా షార్ప్‌గా ఉంటాయి. దాంతో చాలామంది సాఫ్ట్‌వేర్‌ని అనుమానించి, సెట్టింగులు మార్చి రాత్రంతా మళ్లీ ప్రాసెస్ చేస్తారు. అసలు తప్పు చాలాసార్లు ప్లాన్‌లోనే ఉంటుంది.

కారణం: ఎత్తుని ఎక్కడి నుంచి కొలిచారు?

ప్లానింగ్ యాప్‌లో 80 మీటర్లు అని పెడితే, చాలా యాప్‌లలో అది టేకాఫ్ చేసిన చోటి నుంచి 80 మీటర్లు. డ్రోన్ సైటంతా ఆ ఒకే మట్టంలో తిరుగుతుంది. కింద నేల పైకి లేస్తే కెమెరాకీ నేలకీ మధ్య దూరం తగ్గుతుంది. ఫోటోలో పట్టే నేల కూడా తగ్గుతుంది. లైన్ల మధ్య ఎడం, ఫోటోల మధ్య ఎడం మాత్రం మారవు.

లెక్క వేసి చూద్దాం. మ్యాపింగ్ డ్రోన్లలో బాగా వాడిన ఒక అంగుళం సెన్సర్ కెమెరా తీసుకుందాం. సెన్సర్ వెడల్పు 13.2 మి.మీ., లెన్స్ ఫోకల్ లెంగ్త్ 8.8 మి.మీ., ఫోటో వెడల్పు 5472 పిక్సెళ్లు.

```
GSD = (sensor_width × height) / (focal_length × image_width)
80 m: (13.2 × 80) / (8.8 × 5472) = 0.0219 m
```

జీఎస్‌డీ అంటే ఒక్కో పిక్సెల్ నేల మీద పట్టే కొలత, 80 మీటర్ల ఎత్తు నుంచి అది దాదాపు 2.2 సెం.మీ. ఒక ఫోటో 120 మీటర్ల వెడల్పు, 80 మీటర్ల పొడవు నేలని పట్టుకుంటుంది. పక్కపక్క లైన్ల ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడే సైడ్ ఓవర్‌ల్యాప్ 65 శాతం, ఒకే లైన్‌లో వరస ఫోటోలు పడే ఫ్రంట్ ఓవర్‌ల్యాప్ 75 శాతం పెడితే యాప్ లైన్ల మధ్య 42 మీటర్లు, ఫోటోల మధ్య 20 మీటర్లు ఎడం ఇస్తుంది. చదును నేలకి ఇది సరిపోతుంది.

ఇప్పుడు గుట్ట టేకాఫ్ చోటికన్నా 35 మీటర్లు ఎత్తుందనుకుందాం. దాని నెత్తికీ డ్రోన్‌కీ మధ్య మిగిలేది 45 మీటర్లే. అక్కడ ఫోటో పట్టే నేల 67.5 × 45 మీటర్లు. లైన్ల ఎడం అదే 42 కాబట్టి సైడ్ ఓవర్‌ల్యాప్ 38 శాతానికి పడిపోతుంది. ఫ్రంట్ 56 శాతానికి దిగుతుంది. పిక్సెల్ 1.2 సెం.మీ. అయింది కాబట్టి ఫోటో షార్ప్‌గానే కనిపిస్తుంది. కానీ బండ ఒక్కో పక్కని చూసిన ఫోటోలు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. ఒకే పాయింట్ కనీసం నాలుగైదు ఫోటోల్లో కనపడకపోతే సాఫ్ట్‌వేర్ దాని ఎత్తుని నమ్మకంగా కట్టలేదు. పైగా బండలకి నిటారు పక్కలుంటాయి, రెండు ఫోటోల్లో ఒకే బండ వేరే ఆకారంలో కనిపిస్తుంది. చిల్లు పడేది అందుకే.

నిర్ధారణకి ఒక సులువైన దారి ఉంది. గ్రౌండ్ కంట్రోల్ కోసం వేసే 60 సెం.మీ. బోర్డు ఒకటి కింద, ఒకటి గుట్ట మీద పెట్టండి. విడి ఫోటోల్లో జూమ్ చేసి పిక్సెళ్లు లెక్కపెట్టండి. పై లెక్క ప్రకారం కింది బోర్డు దాదాపు 27 పిక్సెళ్లు, పైది దాదాపు 49 పిక్సెళ్లు రావాలి. ఇంత తేడా వస్తే కారణం దొరికినట్టే. ప్రాసెసింగ్ రిపోర్టులో ఉండే జీఎస్‌డీ మొత్తం సైటుకి సగటు కాబట్టి ఈ తేడా అందులో కనపడదు.

పరిష్కారం 1: గుట్ట నెత్తికి సరిపడా ఓవర్‌ల్యాప్

గుట్ట మీద మీకు కావలసిన ఓవర్‌ల్యాప్ నుంచి వెనక్కి లెక్క కట్టి, ఆ అంకెని యాప్‌లో పెట్టాలి.

```
app_overlap = 1 - (1 - wanted) × (height_over_top / height_set)
side : 1 - 0.35 × 45/80 = 0.80
front: 1 - 0.25 × 45/80 = 0.86
```

సైడ్ 80, ఫ్రంట్ 86 పెడితే గుట్ట మీద దాదాపు 65, 75 వస్తాయి. కానీ ఖర్చు చూడండి. లైన్ల ఎడం 42 నుంచి 24 మీటర్లకి, ఫోటోల ఎడం 20 నుంచి 11 మీటర్ల చిల్లరకి వస్తుంది. నలభై ఎకరాల సైటంటే సుమారు 400 × 400 మీటర్లు. అంత చోటుకి ఫోటోలు మూడు రెట్లవుతాయి, బ్యాటరీలూ ఎక్కువే కావాలి. చిన్న సైటుకైతే పర్వాలేదు. పెద్ద సైటులో ఒక మూల గుట్ట కోసం అంతా ఇలా ఎగరడం దండగ.

పరిష్కారం 2: గుట్టకి వేరే బ్లాక్

నాకు నచ్చే పద్ధతి ఇది. మొత్తం సైటుని 80 మీటర్ల దగ్గర ఎగిరి, గుట్ట చుట్టూ మాత్రం రెండో బ్లాక్ గీయండి. అదే టేకాఫ్ చోటు నుంచి ఎత్తు 115 పెడితే గుట్ట నెత్తి మీద 80 దొరుకుతుంది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. యాప్ దృష్టిలో ఎత్తు 115 కాబట్టి, 65 శాతం అంటే లైన్ల ఎడం 60 మీటర్లు ఇస్తుంది. నెత్తి మీద అది 50 శాతమే అవుతుంది. పై సూత్రమే మళ్లీ వాడి సైడ్ 76, ఫ్రంట్ 83 పెట్టాలి. బ్లాక్ హద్దుని గుట్ట పాదం దాటించి రెండు లైన్లు చదును నేల మీదకి లాగండి. అప్పుడే రెండు ఎగురుళ్ల ఫోటోలు బాగా కలుస్తాయి.

పరిష్కారం 3: టెర్రైన్ ఫాలో, కానీ ఏ డేటాతో?

నేల లేస్తే డ్రోన్ కూడా లేచే సదుపాయం చాలా యాప్‌లలో ఉంది. వాగులు, గుట్టలు కలిసిన పెద్ద సైటుకి ఇదే సరైనది. అయితే యాప్‌కి నేల ఎత్తు ఎక్కడి నుంచి తెలుస్తుందో చూసుకోండి. చాలాచోట్ల ఎస్‌ఆర్‌టీఎం డేటానే వాడతారు. అది 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచినది, సుమారు 30 మీటర్లకి ఒక పాయింట్. పది మీటర్ల బండ అందులో కనపడదు. అంతకన్నా ముఖ్యం, 2000 తర్వాత గచ్చిబౌలి, కోకాపేట వైపు ఎన్ని గుట్టలు పగిలాయో, ఎన్ని టవర్లు లేచాయో మనకి తెలుసు. ఇప్పుడు లేని గుట్టని దాటడానికి డ్రోన్ పైకి లేస్తుంది, ఇప్పుడున్న టవర్ సంగతి దానికి తెలియదు.

అందుకే ముందు సైటులో అన్నిటికన్నా ఎత్తైన అడ్డంకి మీదుగా, సురక్షితమైన ఎత్తులో ఒక చిన్న ఎగురుడు చేయండి. దాన్నుంచి తక్కువ నాణ్యతతో ఉపరితల మోడల్ కట్టి యాప్‌కి ఇవ్వండి. ఇచ్చేముందు ఎత్తుల ఆధారం చూడండి. జీపీఎస్ కొలిచే ఎలిప్సాయిడ్ ఎత్తుకీ, సముద్ర మట్టం నుంచి కొలిచే ఎత్తుకీ హైదరాబాద్‌లో 70 మీటర్లకి పైనే తేడా ఉంది. ఎలిప్సాయిడ్ అంకె చిన్నది. సముద్ర మట్టం ఎత్తు కావాలన్న యాప్‌కి పొరపాటున ఎలిప్సాయిడ్ ఎత్తుల ఫైలు ఇస్తే, నేల అంత కిందికి ఉందనుకుని అది డ్రోన్‌ని నేల మీదకి పంపుతుంది. ప్లాన్ తెరిచి టేకాఫ్ చోటి ఎత్తు చూడండి. నగరంలో చాలాచోట్ల నేల సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్ల పైచిలుకు ఉంటుంది. అక్కడ నాలుగు వందల చిల్లర కనపడితే ఆగండి.

సమస్య: గుట్ట బాగుంది, కింది నేల మసకగా ఉంది

ఇది పై సమస్యకి తిరగబడిన రూపం. సిగ్నల్ బాగుంటుందని గుట్ట ఎక్కి టేకాఫ్ చేస్తే, 80 పెట్టినా కింది నేలకి 115 మీటర్లు అవుతుంది. ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది, చిల్లులుండవు, కానీ పిక్సెల్ 3.2 సెం.మీ. అవుతుంది. క్లయింట్ 2.5 అడిగి ఉంటే పని తిరిగొస్తుంది. పరిష్కారం సులువు: కిందికి దిగి టేకాఫ్ చేయండి. తప్పనిసరిగా పైనుంచే ఎగరాలంటే ఎత్తు 45 పెట్టకండి, మొదటి పరిష్కారంలోలా సైటంతా ఫోటోలు మూడు రెట్లవుతాయి. రెండు బ్లాకులు చేయండి.

సమస్య: ప్లాన్‌లో ఓవర్‌ల్యాప్ సరిగ్గానే ఉంది, ఫోటోలు తక్కువొచ్చాయి

కార్డులో ఉన్న ఫోటోల సంఖ్యని ప్లాన్ చూపిన సంఖ్యతో పోల్చండి. తేడా ఉంటే వేగాన్ని అనుమానించండి. 11 మీటర్లకి ఒక ఫోటో కావాలి, కెమెరా రెండు సెకన్లకి ఒకటే తీయగలదు అనుకుంటే, సెకనుకి 5.5 మీటర్లు దాటకూడదు. మీరు 8 పెడితే ఫోటోల ఎడం 16 మీటర్లవుతుంది. ముసురు పట్టిన రోజు షటర్ కూడా చూసుకోండి. సెకనుకి 8 మీటర్ల వేగం, 1/200 షటర్ అంటే ఫోటో తీసేలోపు డ్రోన్ 4 సెం.మీ. జరుగుతుంది. అది గుట్ట మీద మూడు పిక్సెళ్లకి పైమాటే.

సమస్య: ఎత్తు 60 మీటర్లు దాటకూడదు

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల దాకా అనుమతి అక్కర్లేదు. కానీ నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 - 12 కి.మీ. మధ్య ఆ హద్దు 60 మీటర్లే. శంషాబాద్ వైపు వెంచర్లలో చాలావాటికి ఇది తగులుతుంది. హకీంపేట, దుండిగల్ వైపు వైమానిక స్థావరాలున్నాయి. కాబట్టి ప్లాన్ గీయకముందే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో సైటు రంగు చూడాలి.

ఎత్తు తగ్గితే జీఎస్‌డీ బాగుపడుతుందని సంతోషించేలోపు గుట్టని గుర్తు తెచ్చుకోండి. 60 మీటర్లలో అదే 65, 75 పెడితే, 35 మీటర్ల గుట్ట నెత్తి మీద మిగిలేది 25 మీటర్లు. సైడ్ ఓవర్‌ల్యాప్ 16 శాతం, ఫ్రంట్ 40. చెట్టో హైటెన్షన్ తీగో ఉంటే డ్రోనే పోవచ్చు. ఇలాంటి సైటులో మొదటి పరిష్కారం పనికిరాదు. హద్దు నేల నుంచి కొలిచేదే కాబట్టి టెర్రైన్ ఫాలో వాడి, నేల నుంచి 50 మీటర్ల దగ్గర ఎగరండి. మోడల్ ఎత్తుల్లో నాలుగైదు మీటర్ల తప్పున్నా హద్దు దాటరు.

చిల్లు చెరువు మీద పడితే

పై లెక్కలేవీ దీనికి వర్తించవు. నీటి మీద అలలు, మెరుపులు ఫోటో ఫోటోకి మారిపోతాయి, కలపడానికి నిలకడైన పాయింట్ దొరకదు. ఓవర్‌ల్యాప్ 90 పెట్టినా అంతే. ఒక్కో ఫోటోలో కొంతైనా గట్టు పడేలా లైన్ల దిశ మార్చండి. నడి చెరువు వదిలేసి, గట్టు దగ్గర నీటి మట్టాన్ని కొలిచి ఆ భాగాన్ని ఒకే ఎత్తుతో చదును చేయండి.