బ్రెడ్డు ముక్క ఫొటో, లేబుల్ చూసి అది సోర్‌డోనో కాదో తేల్చుకోవడం ఎలా?

మొన్న కూకట్‌పల్లి నుంచి మా పిన్ని వాట్సాప్‌లో ఒక బ్రెడ్డు ముక్క ఫొటో పంపింది. "ఒరేయ్, రంధ్రాలు చూడు ఎంతెంత ఉన్నాయో! అసలైన సోర్‌డోనే కదా?" అని అడిగింది. లేబుల్ వైపు కూడా ఫొటో తీసి పంపమన్నాను. సోర్‌డో అంటే ముందే పులియబెట్టి ఉంచుకున్న పిండి కలిపి, దాంతోనే పొంగించే బ్రెడ్డు. రంధ్రాలను బట్టి ఆ సంగతి తేలదు మరి.

ముందు ఫొటోనే చూద్దాం. పెద్ద రంధ్రాలు రావడానికి కారణాలు పిండిలో నీళ్లు ఎక్కువగా ఉండటం, మైదాకు సాగే బలం ఉండటం, పిండిని గట్టిగా పిసక్కుండా గాలి పోనివ్వకుండా చుట్టడం. ఇవన్నీ కొన్న ఈస్ట్‌తోనూ కుదురుతాయి. ఇటలీవాళ్ల చియబాటా మామూలుగా ఈస్ట్‌తో చేసేదే, దాన్నిండా రంధ్రాలే. అటువైపు పూర్తి గోధుమపిండితో, రై పిండితో చేసిన అసలైన సోర్‌డో దగ్గరదగ్గరగా, చిన్న గుల్లలతో ఉంటుంది. ఇడ్లీతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రంతా పులిసిన పిండితో చేసినా, అప్పటికప్పుడు వంట సోడా వేసి చేసినా ఇడ్లీ గుల్లగానే వస్తుంది. తేడా తెలిసేది నోట్లో పెట్టుకున్నాకే.

అలాగని ఫొటో బొత్తిగా పనికిరాదని కాదు, పులియడం సరిగ్గా జరిగిందో లేదో అది చెబుతుంది. పిన్ని ఫొటోలో పై పెంకు కిందే గుహల్లా రెండు మూడు పెద్ద బొర్రలున్నాయి. వాటి చుట్టూ మాత్రం పిండి ముద్దకట్టి, తడితడిగా కనిపిస్తోంది. కొత్తవాళ్లు చూసి మురిసిపోయేది ఇలాంటి బొర్రలనే. నిజానికి ఇది పిండి చాలినంత పులవకముందే ఓవెన్‌లో పెట్టిన గుర్తు. బాగా పులిసిన ముక్కలో చిన్నవీ పెద్దవీ కలిసి అంచు నుంచి అంచు దాకా పరుచుకుని ఉంటాయి, మధ్యలో ముద్ద ఉండదు.

ఇక లేబుల్. అక్కడ పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. నేను ముందు ఉప్పు ఎక్కడుందో వెతుకుతాను. బ్రెడ్డులో ఉప్పు సాధారణంగా పిండి బరువులో 2 శాతం దగ్గర, అంటే 500 గ్రాముల పిండికి 10 గ్రాములు. ఉప్పు తర్వాత వచ్చేదేదైనా అంతకంటే తక్కువే. పులిసిన పిండితోనే బ్రెడ్డు పొంగాలంటే 500 గ్రాములకు సుమారు 100 గ్రాముల స్టార్టర్, అంటే ఆ ముందే పులియబెట్టిన పిండి వేస్తారు. కాబట్టి స్టార్టర్‌ను విడిగా రాస్తే అది ఉప్పు కంటే చాలా ముందుండాలి. ఒక్కోసారి అసలు రాయకపోవచ్చు కూడా, ఎందుకంటే స్టార్టర్ అంటే పిండి, నీళ్లే. "మైదా, నీళ్లు, ఉప్పు" అని మూడే ఉండి ఈస్ట్ లేకపోతే అది మంచి గుర్తే.

పిన్ని పంపిన లేబుల్ వరస ఇది: మైదా, నీళ్లు, నూనె, చక్కెర, ఉప్పు, ఈస్ట్, సోర్‌డో పొడి, ఆ తర్వాత ఆహారంలో కలిపే పదార్థాల కోడ్ నంబర్లు ఐఎన్ఎస్ 260, ఐఎన్ఎస్ 282. సోర్‌డో పొడి ఉప్పు తర్వాత, ఈస్ట్ కంటే కూడా కిందుంది. అంటే 500 గ్రాముల పిండికి 10 గ్రాములు కూడా లేదు. ఇలాంటి పొడులను చాలావరకు రుచి కోసమే వేస్తారు, పొంగించే పని ఈస్ట్‌దే. 260 అంటే ఎసిటిక్ యాసిడ్, మన వెనిగర్‌లో పులుపునిచ్చేదే. 282 అంటే కాల్షియం ప్రొపియోనేట్, బూజు పట్టకుండా వేసేది. పులుపును కూడా బయటి నుంచే తెచ్చారన్నమాట.

అయితే ఈస్ట్ అన్న మాట కనబడగానే మోసం అనేయకండి. ఫ్రాన్స్‌లో 1993 నాటి నిబంధన, స్టార్టర్‌తో చేసే బ్రెడ్డుకు కూడా పిండి బరువులో 0.2 శాతం దాకా ఈస్ట్ కలుపుకోనిస్తుంది. అంటే 500 గ్రాములకు 1 గ్రాము. అసలు స్టార్టర్‌లో ఉండేదీ ఈస్టే, అది ఎక్కువగా పిండితోపాటే వస్తుంది. కానీ స్టార్టర్‌లో దానితో కలిసి లాక్టిక్ బ్యాక్టీరియా బతుకుతుంది, పులుపు దాని పనే. కొన్న ఈస్ట్ ఒక్కటే వేస్తే పిండి గబగబా పొంగుతుంది, బ్యాక్టీరియాకు పులుపు పుట్టించే తీరిక దొరకదు. ఉప్పు కంటే బాగా ముందు స్టార్టర్, చివర్లో కాస్త ఈస్ట్ ఉంటే దాన్ని సోర్‌డో అనడానికి నాకైతే అభ్యంతరం లేదు. "ఈస్ట్ లేనిది" అని పైన రాసి లోపల ఈస్ట్ చూపిస్తే మాత్రం ఒప్పుకోను.

లేబుల్ లేని బేకరీ బ్రెడ్డయితే అడగాల్సింది ఒక్కటే: "పిండి కలిపాక ఎంతసేపటికి ఓవెన్‌లో పెడతారు?" హైదరాబాద్ ఎండాకాలంలో స్టార్టర్ పిండి మూడు నాలుగు గంటల్లోనే పొంగొచ్చు, కానీ తర్వాత చుట్టి, మళ్లీ పులియనివ్వాలి. చాలామంది రాత్రంతా ఫ్రిజ్‌లో పెడతారు. మొత్తం రెండు గంటల్లో అయిపోతుందంటే అది ఈస్ట్ పనే.

ఇదంతా చెప్పాక పిన్ని, "సర్లే, ఆ బొర్రల్లో వెన్న బాగా నిలుస్తోంది, టోస్ట్ చేసుకుంటా" అంది.